చెంపదెబ్బకు చెవిలో నెత్తురు: తెల్లారేదాకా ఆగొచ్చా?

పుత్తూరు లత: మా తమ్ముడికి పదహారేళ్లు. సాయంత్రం ఎడమ చెవి మీద చాచి కొట్టారు. నెత్తురు బొట్టు కనిపించింది, చెవి గుయ్‌మంటోంది. అమ్మ వెల్లుల్లి నూనె కాస్తోంది. వేయొచ్చా? తిరుపతికి పొద్దున తీసుకెళ్తే చాలదా?

పలమనేరు భాస్కర్: కర్ణభేరికి చిల్లు పడి ఉంటుంది, దానంతటదే పూడుతుంది. మా వాడికీ అలాగే మానింది. గోరువెచ్చగా రెండు చుక్కలు వేసి పడుకోబెట్టండి.

చంద్రగిరి సుజాత: పూడుతుందన్నది నిజం, చాలావరకు కొన్ని వారాల్లోనే. కానీ నూనె వద్దమ్మా. చిల్లు ఉంటే అది లోపలికి దిగి చీము పట్టిస్తుంది, ఆపైన చిల్లు మానకపోవచ్చు. చుక్కల మందు, పుల్లలు, నీళ్లు, ఏవీ పోనివ్వకండి. ముక్కు గట్టిగా చీదొద్దు. ఈఎన్‌టీ వార్డులో పనిచేస్తున్నా, నూనె పోసుకొచ్చిన చెవులు ఎన్నో చూశాను. కళ్లు తిరుగుతున్నాయా? మూతి వంకర పోయిందా? నీళ్లలాంటిది కారుతోందా? నోరు మూసుకుని 'ఊఁ' అనమనండి, ఏ చెవిలో గట్టిగా వినిపిస్తోందో చెప్పండి.

కుప్పం మధు: నాకు దీపావళికి లక్ష్మీబాంబు చెవి పక్కనే పేలింది. ఆ హోరు ఇప్పటికీ పోలేదు. బాంబులు ఆపించాలి.

భాస్కర్: ఇక్కడ బాంబు ఎవరు పేల్చారు మధూ? మా అవ్వల కాలం నుంచి నూనె వేస్తున్నాం, ఎవరికీ చెవుడు రాలేదు. ఇంత భయపెట్టాలా?

సుజాత: చిల్లు లేని చెవికి వేసి ఉంటారు. రెండూ ఒకటి కాదు.

భాస్కర్: మీకేం, రాసేస్తారు! దెబ్బ అనగానే ఆస్పత్రిలో ఎమ్మెల్సీ అని పోలీసులకు పంపే కాగితం రాస్తారు, పోలీసులొస్తారు. మా అన్నదమ్ముల మధ్య అలాగే మాటలు పోయాయి.

సుజాత: ఆ మాట ముందే అనుంటే నూనె దగ్గర ఇంతసేపు కొట్టుకునేవాళ్లం కాదు అన్నా. కొట్టిన దెబ్బ అంటే రాస్తారు, నిజమే. దానికి భయపడి పిల్లాడి చెవి పోగొట్టుకుంటామా?

లత: కొట్టింది మా చిన్నాన్నే. అందుకే అమ్మ ఆలోచిస్తోంది. 'ఊఁ' అంటే కుడి చెవిలోనే గట్టిగా ఉందంట. లేచి కూర్చుంటే ఇల్లంతా తిరుగుతోందంటున్నాడు, రెండుసార్లు కక్కుకున్నాడు.

సుజాత: అయితే ఇప్పుడే బయలుదేరండి. ఉత్త చిల్లే అయితే శబ్దం సాధారణంగా దెబ్బ తగిలిన చెవిలోనే గట్టిగా ఉంటుంది. బాగున్న చెవికి పోయిందంటే లోపలి చెవి దెబ్బతిని ఉండొచ్చు. ఈ ఒక్క పరీక్షతో తేల్చలేం, కానీ తిరగడం, వాంతులు కూడా ఉన్నాయి, తలకు దెబ్బ తగిలిందేమో కూడా చూడాలి. లోపలి చెవికి మందు పెట్టాల్సి వస్తే తొలి రోజుల్లోనే మొదలవ్వాలి. తిరుపతి రుయా ఆస్పత్రిలో క్యాజువాలిటీ రాత్రంతా ఉంటుంది. బండి మీద వద్దు, కారులో తల కాస్త ఎత్తుగా పెట్టి తీసుకెళ్లండి. మగతగా ఉన్నా, చెవిలోంచి నీళ్లలాంటిది కారినా 108కి ఫోన్ చేయండి.

భాస్కర్: తీసుకెళ్లండి, వద్దనను. జారిపడ్డాడని చెప్పండి చాలు.

సుజాత: వద్దన్నా. అరచేతి దెబ్బ అని తెలిస్తేనే డాక్టర్‌కు ఏం వెతకాలో తెలుస్తుంది.

లత: కారు వచ్చింది. చిన్నాన్న కూడా వస్తానంటున్నాడు, అమ్మ ఒప్పుకోవడం లేదు.