సెలవుల నగదుపై పన్ను మినహాయింపు: నా లెక్క సరైనదేనా?

నాన్నగారు ప్రైవేటు సంస్థలో 24 ఏళ్ల 8 నెలలు పనిచేసి రిటైరయ్యారు. మిగిలిన 400 రోజుల సెలవులకు 8,00,000 రూపాయలు వచ్చాయి. చివరి 10 నెలల సగటు మూలవేతనం, కరువు భత్యం కలిపి 60,000. సంస్థ పది నెలల జీతం చొప్పున 6,00,000 మినహాయించింది.

నాకు అక్కడే సందేహం. సంస్థ ఏటా 40 సెలవులిచ్చినా, చట్టం ఏడాదికి 30 రోజులకు మించి లెక్కించదు కదా! పూర్తయిన 24 ఏళ్లకు 720 రోజులు. వాడుకున్నవి 560. మిగిలేవి 160 రోజులే, అంటే 3,20,000. వచ్చిన మొత్తం, పది నెలల సగటు, 25 లక్షల పరిమితి, ఈ సెలవుల విలువ: నాలుగింటిలో తక్కువది ఇదే. అప్పుడు 4,80,000పై పన్ను పడాలి.

ఫారం 16లో ఎక్కువ మినహాయింపు కనిపిస్తున్నా, రిటర్నులో 3,20,000 మాత్రమే చూపాలా? నాన్నగారికి తరువాత నోటీసు రాకూడదని నా ఆరాటం. తెలిసినవారు దయచేసి చెప్పండి.