పదిహేను నిమిషాల ప్రసంగం: వాక్యాలు తగ్గించాలా, స్లైడ్లు తగ్గించాలా?

పరిశోధక విద్యార్థిని: సదస్సులో నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు, చివరి మూడు నిమిషాలు ప్రశ్నలకు. నిమిషానికి 130 పదాల లెక్కన తెలుగులో 1,400 పదాలు రాసుకున్నాను. పైకి చదివితే 14 నిమిషాల 20 సెకన్లు పట్టింది. స్లైడ్లు పద్నాలుగు. ఏది తగ్గించాలి?

అధ్యాపకుడు: నిమిషానికో స్లైడు అన్నది మంచి కొలత. రెండు తీసేయండి, పన్నెండు నిమిషాలకు సరిపోతుంది.

సదస్సుల నిర్వాహకురాలు: స్లైడ్ల సంఖ్య గడియారం కాదండీ. శీర్షిక స్లైడు పది సెకన్లలో దాటిపోతుంది, ఒక్క గ్రాఫు వివరించడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇక 130 అన్నది ఇంగ్లీషు ప్రసంగాలకు చెప్పే లెక్క. తెలుగులో విభక్తులూ ప్రత్యయాలూ పదంలోనే కలిసిపోతాయి కనుక పదం పొడవు, సంఖ్య తక్కువ. మీరు చెప్పిన సమయాన్ని బట్టి మీ వేగం నిమిషానికి 98 పదాలే. స్లైడ్లు మార్చడానికి అరనిమిషం వదిలితే మిగిలిన పదకొండున్నర నిమిషాలలో 1,130 పదాలకు మించి పట్టవు, అంటే సుమారు 270 పోవాలి. అన్ని పదాలు వాక్యానికొకటి చొప్పున గీకితే రావు, పైగా మాట పొడిబారుతుంది. పూర్వ పరిశోధనల భాగాన్ని దాని స్లైడ్లతో సహా తీసి, ప్రశ్నల వేళకు చివర దాచుకోండి.

ఆ తరువాతే వాక్యాల పని. “గతంలో సేకరించిన నమూనాలతో పోల్చినప్పుడు నీటిలో లవణ సాంద్రత గణనీయంగా పెరిగినట్లు గమనించడమైనది” అని రాస్తే, క్రియ వచ్చేదాకా శ్రోత ఎదురుచూస్తూనే ఉంటాడు, ఈలోగా అతని కళ్ళు గ్రాఫులో మరెక్కడో తిరుగుతుంటాయి. “ఈ ఎర్రగీత చూడండి. నీటిలో ఉప్పు పెరిగింది. పాత నమూనాలలో ఇంత లేదు” అంటే చూపూ మాటా ఒకేచోట కలుస్తాయి.

ఒక వైద్యుడు: నేను ప్రసంగం మొత్తం కంఠస్థం చేసి వెళ్ళాను, మధ్యలో ఒక వాక్యం మరచిపోగానే తరువాతిది కూడా గుర్తుకు రాలేదు. స్లైడ్లపై అక్షరాలు పెద్దవిగా వేసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

నిర్వాహకురాలు: అక్షరాలు పెంచితే శ్రోతకు మేలే, కానీ ఇక్కడి చిక్కు సమయానిది. కాగితం అంచున 4:00, 8:00 అని గుర్తులు పెట్టుకోండి. ఎనిమిదో నిమిషానికి ఫలితాల గ్రాఫు తెరపైకి రాకపోతే ఏ స్లైడు దాటవేయాలో ముందే నిర్ణయించుకోండి, వేదికపై ఆలోచించేందుకు వ్యవధి ఉండదు.

పరిశోధక విద్యార్థిని: మూడు స్లైడ్లు తీసి, నిలబడి గట్టిగా చదివాను: 12 నిమిషాల 10 సెకన్లు. చివరి పది సెకన్లు ముగింపులో తగ్గిస్తాను.

అధ్యాపకుడు: ముగింపు ముట్టుకోకండి, పరిచయంలో తగ్గించండి. కాగితం చూసి చదవడం మాత్రం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు.

నిర్వాహకురాలు: మొదటి రెండు వాక్యాలూ చివరి రెండూ నోటికి వస్తే చాలు, మిగిలినది చూసి చదివినా తప్పులేదని నా అభిప్రాయం.