లాభం తగ్గిన ఏడాదే ఆర్‌ఓఈ పెరిగింది, డ్యూపాంట్ లెక్కలో ఎక్కడ చూడాలి?

కొత్త మదుపరి:
ఒక కంపెనీ రెండేళ్ల లెక్కలు చూస్తున్నాను. అంకెలన్నీ కోట్లలో, తేలిగ్గా ఉండాలని కాస్త సవరించి రాస్తున్నా. రెండేళ్లూ అమ్మకాలు 1,000, మొత్తం ఆస్తులు 800, వాటిలో మార్పు లేదు. నికర లాభం మాత్రం 90 నుంచి 75కి పడింది. ఈక్విటీ 500 నుంచి 300కి తగ్గింది.

ఆర్‌ఓఈని, అంటే వాటాదారుల సొమ్మైన ఈక్విటీ మీద వచ్చే రాబడిని, డ్యూపాంట్ పద్ధతిలో మూడుగా విడగొడితే మొదటి ఏడాది అమ్మకాల మీద లాభం, అంటే మార్జిన్ 9 శాతం, అమ్మకాలను ఆస్తులతో భాగిస్తే వచ్చే అసెట్ టర్నోవర్ 1.25, లీవరేజ్ 1.6. మూడూ గుణిస్తే ఆర్‌ఓఈ 18 శాతం. రెండో ఏడాది 7.5 శాతం, 1.25, 2.67. గుణిస్తే 25 శాతం! లాభం తగ్గిన ఏడాది రాబడి పెరగడమేంటో అర్థం కావడం లేదు. పైగా నేను చూసే వెబ్‌సైట్‌లో రెండో ఏడాది ఆర్‌ఓఈ 18.75 శాతం అని ఉంది. తప్పు నాదా, వాళ్లదా?

మార్కెట్ బాబు:
ఇందులో తికమక ఏముందండీ? మార్జిన్ 9 నుంచి 7.5కి వచ్చిందంటే వ్యాపారం దెబ్బతింటోంది. పోటీ పెరిగి ఉంటుంది, లేదా ముడిసరుకు ధర పెరిగి ఉంటుంది. ఆ సంగతి బయటపడకుండా అప్పు తెచ్చి లీవరేజ్ పెంచి ఆర్‌ఓఈని నిలబెట్టారు. డ్యూపాంట్ చెప్పేది అదే. నేనైతే వెంటనే బయటికి వచ్చేస్తాను.

పద్దుల పుస్తకం:
మార్కెట్ బాబు గారూ, అప్పు సంగతి మీరు సరిగ్గానే పట్టుకున్నారు. మార్జిన్ విషయంలో మాత్రం తొందరపడకండి. కొత్త మదుపరి గారూ, మూడు సంగతులు చెప్పండి. వడ్డీ, పన్ను తీయకముందు నిర్వహణ లాభం ఎంత? అప్పు ఎంత? ఈక్విటీ 200 తగ్గింది కదా, అది నష్టం వల్లా, బైబ్యాక్ వల్లా?

కొత్త మదుపరి:
నిర్వహణ లాభం రెండేళ్లూ 120. మొదటి ఏడాది అప్పే లేదు. రెండో ఏడాది మొదట్లోనే 10 శాతం వడ్డీకి 200 అప్పు తెచ్చి, ఆ డబ్బంతా పెట్టి సొంత షేర్లు తిరిగి కొన్నారు. వచ్చిన లాభం మొత్తం డివిడెండ్‌గా పంచేశారు. పన్ను 25 శాతం.

పద్దుల పుస్తకం:
అయితే వ్యాపారంలో ఏమీ మారలేదు. 1,000 అమ్మి 120 మిగుల్చుకోవడం రెండేళ్లూ ఒకటే. మొదటి ఏడాది ఆ 120లో 30 పన్నుకు పోయి 90 మిగిలింది. రెండో ఏడాది ముందు వడ్డీకి 20 పోయింది, మిగిలిన 100లో 25 పన్ను, చివరికి 75. మార్జిన్ తగ్గింది వడ్డీ వల్లే తప్ప పోటీ వల్లో, ముడిసరుకు వల్లో కాదు.

మూడు ముక్కల డ్యూపాంట్‌లో జనం ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. మూడూ వేటికవి వేరుగా కనిపిస్తాయి గానీ, అప్పు తెస్తే రెండు చోట్ల కదలిక వస్తుంది. లీవరేజ్ పెరుగుతుంది, వడ్డీ భారంతో నెట్ మార్జిన్ తగ్గుతుంది. అందుకే అనుమానం వచ్చినప్పుడు మార్జిన్‌ను ఇంకో మూడుగా చీల్చాలి. నిర్వహణ మార్జిన్ 12 శాతం, రెండేళ్లూ అదే. పన్ను పోగా మిగిలే వంతు 0.75, అదీ మారలేదు. వడ్డీ పోగా మిగిలే వంతు మాత్రం 1 నుంచి 0.833కి పడింది, అంటే 120లో 100. ఇప్పుడు దోషి ఎవరో కనిపిస్తోంది కదా.

ఈ 0.833ను లీవరేజ్ 2.67తో గుణించండి, 2.22 వస్తుంది. మొదటి ఏడాది అదే లెక్క 1 × 1.6, అంటే 1.6. వడ్డీ కోత పోయాక కూడా 2.22 పెద్దది కాబట్టి ఈ ఏడాది వరకు అప్పు వాటాదారులకు లాభించింది.

మార్కెట్ బాబు:
ఒప్పుకుంటా. కానీ మొదటి ఏడాది అప్పు లేకపోతే లీవరేజ్ 1 ఉండాలి కదా, 1.6 ఎలా వచ్చింది?

పద్దుల పుస్తకం:
ఇక్కడ లీవరేజ్ అంటే ఆస్తులను ఈక్విటీతో భాగించడమే. ఆస్తులు 800, ఈక్విటీ 500. మిగతా 300 బ్యాంకు అప్పే కానక్కర్లేదు. సరుకు ఇచ్చినవాళ్లకు చెల్లించాల్సినవి, కస్టమర్లు ఇచ్చిన అడ్వాన్సులు, ఇవన్నీ అందులోకే వస్తాయి. వాటికి మామూలుగా వడ్డీ ఉండదు. కాబట్టి లీవరేజ్ పెద్దదిగా కనిపించగానే అప్పు అనుకోకుండా, బ్యాలెన్స్ షీట్‌లో ఆ తేడా ఎవరి డబ్బో చూడాలి.

నెమ్మది మనిషి:
నా దగ్గర ఇంకో కంపెనీ ఉంది. నష్టం 40, ఆర్‌ఓఈ మాత్రం 40 శాతం వస్తోంది. ఇదీ అప్పు మహిమేనా? లేక మంచి టర్నోవరా?

పద్దుల పుస్తకం:
రెండూ కాదండీ. మీ కంపెనీ ఈక్విటీయే మైనస్ 100 అయి ఉంటుంది. మైనస్ 40ని మైనస్ 100తో భాగిస్తే ప్లస్ 40 శాతం వస్తుంది, దానికి అర్థం లేదు. ఈక్విటీ మైనస్‌లో ఉంటే డ్యూపాంట్ లెక్క పక్కన పెట్టి, ముందు ఆ కంపెనీ అప్పులు తీర్చగలదా అన్నది చూడండి.

కొత్త మదుపరి:
అయితే నా కంపెనీ బైబ్యాక్ మంచి నిర్ణయమేనా? ఏ ఏడాదైనా అమ్మకాలు పడిపోతే?

పద్దుల పుస్తకం:
అదే అసలు ప్రశ్న, లెక్కేసి చూద్దాం. నిర్వహణ లాభం 120 నుంచి 50కి పడిందనుకోండి. అప్పు లేకుంటే పన్ను పోగా 37.5 మిగులుతుంది, 500 మీద 7.5 శాతం. అప్పు ఉంటే వడ్డీ, పన్ను పోగా 22.5 మిగులుతుంది, 300 మీద అదీ 7.5 శాతమే. అంటే 50 దగ్గర రెండూ సమానం. 10 శాతం వడ్డీకి పన్ను మినహాయింపు కలిపితే అప్పు ఖరీదు 7.5 శాతం పడుతుంది కాబట్టి సరిగ్గా అక్కడ కలిశాయి.

ఇంకా కిందికి, 20కి పడితే అప్పు లేని కంపెనీకి 3 శాతం వస్తుంది. అప్పున్న కంపెనీకి వడ్డీ కట్టాక సున్నా. కాబట్టి 25 శాతం చూసి మురిసిపోకుండా, ఈ కంపెనీ నిర్వహణ లాభం గడ్డు ఏళ్లలో ఎక్కడిదాకా దిగిందో పాత లెక్కలు తిరగేయండి. 50 కిందికి ఎప్పుడూ రాకపోతే ఒక రకం, తరచూ వస్తుంటే ఇంకో రకం.

కొత్త మదుపరి:
పాత వార్షిక నివేదికలు తీస్తాను. మరి 18.75 సంగతి?

లెక్కల టీచర్:
వాళ్లు సగటు ఈక్విటీ వాడారు. 500, 300 సగటు 400. 75ని దాంతో భాగిస్తే 18.75. మీది ఏడాది చివరి ఈక్విటీ. ఎవరిదీ తప్పు కాదు. కానీ టర్నోవర్‌లో ఆస్తుల సగటు వాడి, లీవరేజ్‌లో ఆస్తుల చివరి అంకె వాడితే, ఆస్తులు మారిన ఏడాది మూడూ గుణించినా అసలు ఆర్‌ఓఈ రాదు. మా విద్యార్థులకు సగటే వాడమని చెబుతాను, ఎందుకంటే లాభం ఏడాది పొడవునా వచ్చింది.

పద్దుల పుస్తకం:
మామూలుగా నేనూ సగటే వాడతాను. ఈ కేసులో మాత్రం నాకు నచ్చదు. బైబ్యాక్ ఏడాది మొదట్లోనే అయింది, దాదాపు ఏడాదంతా 300తోనే నడిచింది, వడ్డీ కూడా నిండా పడింది. ఇక్కడ 400 అనేది ఏ రోజూ లేని ఈక్విటీ.

లెక్కల టీచర్:
నిజమే, కానీ కంపెనీకో పద్ధతి పెట్టుకుంటే పది కంపెనీలను పోల్చేదెలా? నేను సగటే ఉంచి, పక్కన బైబ్యాక్ తేదీ రాసుకుంటాను.

పద్దుల పుస్తకం:
పోలికకైతే మీ పద్ధతి సరే. ఒక్క కంపెనీనే లోతుగా చూసేటప్పుడు నేను త్రైమాసిక ఈక్విటీల సగటు తీస్తాను, అది 300కి దగ్గరగా వస్తుంది.

నెమ్మది మనిషి:
మా కంపెనీ త్రైమాసిక ఫలితాల్లో బ్యాలెన్స్ షీట్ ప్రతిసారీ ఉండటం లేదు. అప్పుడేం చేయాలి?