ఈ బకెట్‌లో ఉన్న తాపీ పనిముట్లు ఏవో చెప్పగలరా?

మా పెద్దనాన్నగారు వాడిన బకెట్ ఇది. పనిముట్లన్నీ తలకిందులుగా దిగబడి ఉండడంతో ఫొటోలో పిడులే ఎక్కువగా కనిపిస్తున్నాయి. సిమెంటు గట్టిపడి అతుక్కుపోవడం వల్ల లాగి చూడడానికి భయమేసింది.

ఎడమవైపుది ఇటుకలు పేర్చే తాపీ అని నా నమ్మకం. రేకు వెనక అంచు నుంచి కమ్మీ వంగి పైకి లేచి పిడిలో దిగింది. దాని పక్కనున్న రెండింటి పిడులు మాత్రం పలక వీపు మీద, పలకకు సమాంతరంగా ఉన్నాయి. ఒకటి మందపాటి చెక్క, అంచులు అరిగి గుండ్రబడ్డాయి. గోడ పూత మీద గుండ్రంగా తిప్పి రుద్దేది ఇదే కదా?

నా అసలు అనుమానం రెండోదాని మీద. పలుచని ఉక్కు రేకు, పూతను నున్నగా తేల్చేదానిలాగే ఉంది. కానీ పైకి కనిపించే రెండంగుళాల అంచులో చదరపు గాట్లు రెండు ఉన్నాయి, మూడోచోట గట్టిపడిన ముద్ద. గాట్లు సమాన దూరంలో ఉంటే టైల్స్ జిగురు పరిచేది అనుకోవచ్చు. రెండు గాట్లతో ఆ మాట ఎలా తేల్చను? అంచు విరిగిన మామూలు రేకు కూడా కావచ్చు కదా. ముద్దను గీకి చూడాలా, లేక పిడిని బట్టే చెప్పవచ్చా?