అప్‌డేట్: ఏడాది చదువుకు ఓకేఆర్ పెట్టుకున్నాక

ఓకేఆర్‌లో ఆబ్జెక్టివ్ అంటే చేరాల్సిన లక్ష్యం, కీ రిజల్ట్ అంటే అక్కడికి చేరామో లేదో కొలిచి చూపే ఫలితం. నేను అడిగింది: "ఏడాదిలో స్టాటిస్టిక్స్ నేర్చుకోవాలి. 'రోజూ గంట చదవాలి' అన్నది కీ రిజల్ట్ అవుతుందా?"

అవదు. గంటలు లెక్కపెడితే చదవడానికి కూర్చున్నామో లేదో తెలుస్తుంది గానీ, సబ్జెక్ట్ వచ్చిందో లేదో తెలియదు. మీరంతా అదే చెప్పారు, చాలా థాంక్స్. గంటను క్యాలెండర్‌లో పెట్టి, ఏడాదికి ఒకే ఆబ్జెక్టివ్ రాసుకున్నాను: "ఒక సర్వే డేటా ఇస్తే, దాన్నిబట్టి ఏం చెప్పవచ్చో, ఏం చెప్పకూడదో నేనే తేల్చగలగాలి." కీ రిజల్ట్స్ మాత్రం మూడు నెలలకే. ఏడాది చివర ఏం కష్టమవుతుందో ముందే ఎలా తెలుస్తుంది?

మొదటి మూడు నెలలకు రెండు పెట్టాను. పుస్తకం మూసి, ఇంతకుముందు చూడని 20 లెక్కలు సరిగ్గా చేయడం ఒకటి. మూడు డేటాసెట్లపై రిపోర్టులు రాసి, సబ్జెక్ట్ తెలిసినవారితో సరే అనిపించుకోవడం రెండోది.

లెక్కల్లో 14 సరిపోయాయి, అంటే స్కోరు 0.7. కష్టమైన టార్గెట్‌కు ఇది మంచి స్కోరే. రిపోర్టుల్లో ఒక్కటే పాసైంది, 0.3.

అసలు విషయం ఈ తేడాలోనే ఉంది. చాప్టర్ చివరి లెక్కకు ఏ పద్ధతి వాడాలో చాప్టర్ పేరే చెప్పేస్తుంది. రిపోర్టులో అది మనమే ఎంచుకోవాలి. అందుకే రెండో క్వార్టర్‌లో టార్గెట్ తగ్గించకుండా కీ రిజల్ట్‌నే మార్చాను: వేర్వేరు చాప్టర్ల లెక్కలు కలిపేసి, లెక్క మొదలుపెట్టకముందే ఏ టెస్ట్ వాడాలో, ఎందుకో రాయాలి. 20లో 20 సరిపోతే 1.0.