మందుల షాపులో అసిస్టెంటుకు ఏ పని అప్పగించొచ్చు, ఏది ఫార్మసిస్టే చెయ్యాలి?

సత్యవతి, విజయనగరం (రాత్రి 10:35)
సాయంత్రం ఏడింటి నుంచి దీని మీదే కూర్చున్నాను. మాది మందుల షాపు, నేను ఫార్మసిస్టుని. ఈ నెలలో ఒక అబ్బాయి చేరాడు, చురుకైనవాడు. అతను చేసే పనులు, నేనే చెయ్యాల్సిన పనులు ఒక కాగితం మీద రెండు వరుసలుగా రాసి కౌంటర్ వెనక అంటిద్దామనుకున్నాను. స్టాకు దించుకోవడం, ర్యాకుల్లో సర్దడం, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డవి వేరు చెయ్యడం, బిల్లు కొట్టడం వరకు బాగానే సాగింది. చీటీ మీద ఉన్న మందు ర్యాకులోంచి తియ్యడం దగ్గర ఆగిపోయాను. అతని వరుసలో రాస్తే తప్పేమో అనిపిస్తోంది. నా వరుసలో రాస్తే ఇంక అతను ఎందుకు? ఇప్పటికి నాలుగు కాగితాలు చింపాను. దయచేసి ఎవరైనా సూటిగా చెప్పండి.

రమణ, బొబ్బిలి (10:41)
అబ్బాయికి రిజిస్ట్రేషన్ ఉందా లేదా? అది చెప్పకుండా ఏం చెప్పమంటారు?

కృష్ణమూర్తి, చీపురుపల్లి (10:52)
అమ్మా, ముందు మాట సరిచేసుకోవాలి. ఫార్మసీ చట్టం 1948లో "అసిస్టెంటు" అనే మనిషే లేడు. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉన్నాడు, లేనివాడు ఉన్నాడు, అంతే. మా చిన్నప్పుడు కాంపౌండర్ అనేవాళ్లం. ఆయనే అరకు కలిపేవాడు, పొట్లం కట్టేవాడు, ఎలా వాడాలో చెప్పేవాడు. ఇప్పుడు ప్రతి షాపులోనూ ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు, వాళ్లకి ఒక పేరంటూ లేదు. పేరు లేని మనిషికి పని పంచాలంటే ఇలాగే కాగితాలు చిరుగుతాయి. ఎవరూ పట్టించుకోరు గానీ అసలు సమస్య ఇదే.

సత్యవతి (10:58)
డీఫార్మసీ పాసయ్యాడండీ. రిజిస్ట్రేషన్‌కి పెట్టాడు, ఇంకా రాలేదు. చదువుకున్నవాడే కదా అని రాయలేదు.

రమణ, బొబ్బిలి (11:00)
రాలేదంటే లేనట్టే. 42వ సెక్షన్ చదవండి. డాక్టర్ చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. అతను చీటీ మందు ముట్టుకోకూడదు. జ్వరం మాత్ర, ఓఆర్ఎస్, దూది అమ్ముకోమనండి.

సూర్యనారాయణ, శ్రీకాకుళం (11:24)
సత్యవతి గారూ, ఆసుపత్రి ఫార్మసీలో చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను. రమణ గారు చెప్పిన సెక్షన్ సరైనదే, కానీ సగమే. డ్రగ్స్ రూల్స్ 1945లో 65వ రూలు ఉంది. చీటీ మీద మందు సరఫరా ఫార్మసిస్టు చేతనైనా జరగాలి, ఫార్మసిస్టు స్వయంగా పర్యవేక్షిస్తుండగా అయినా జరగాలి అంటుంది. ఆ రెండో సగంలోనే మీ అబ్బాయికి చోటుంది.

మీరు ఆగిపోయింది ఎందుకంటే "మందు ఇవ్వడం" అన్నది ఒకే పని అనుకున్నారు. అందులో నాలుగు పనులున్నాయి. చీటీ చదివి ఇది ఈ మనిషికి సరిపోతుందా అని తేల్చుకోవడం ఒకటి. ర్యాకులోంచి తియ్యడం రెండు. తీసినదాన్ని చీటీతో సరిచూడడం మూడు. చేతికిచ్చి వాడే పద్ధతి చెప్పడం నాలుగు. రెండోది మాత్రమే అతనికివ్వండి. దానికి ముందూ వెనకా మీరు ఉండాలి. అతను తీసిన స్ట్రిప్పు మీ ముందు ట్రేలోకి రావాలి గానీ నేరుగా కవర్లోకి వెళ్లకూడదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే నా కళ్లారా చూసిన కేసు ఒకటుంది. ఏ షాపో చెప్పను. అరవై దాటిన ఆవిడ, కీళ్లవాతం. చీటీలో మెథోట్రెక్సేట్ 7.5 మిల్లీగ్రాములు, వారానికి ఒకసారి, ఆదివారం. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, అదీ వారానికి ఒకసారే, బుధవారం. నెలకి, అంటే నాలుగు వారాలకి. షాపులో 7.5 లేదు, 2.5 మాత్రలున్నాయి. అంటే ఆదివారం మూడు మాత్రలు, నాలుగు వారాలకి మొత్తం పన్నెండు. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు చీటీలో "నెల" అన్నది చూశాడు, వారం అన్నది చూడలేదు. "రోజుకి మూడు" అని కవరు మీద రాసి, స్ట్రిప్పుకి పది చొప్పున తొమ్మిది స్ట్రిప్పులు కావాలని లెక్కేశాడు. ఉన్నవి మూడే అయితే ఆ మూడూ ఇచ్చి, మిగతావి తరవాత రమ్మన్నాడు.

ఆవిడ రోజూ మూడేసి చొప్పున వేసుకుంది. వారం తిరిగేసరికి నోరంతా పూసింది, గంజి కూడా దిగలేదు. ఎండకి వేడి చేసిందనుకుని ఇంట్లో మజ్జిగ పట్టారు. పదో రోజు స్ట్రిప్పులు అయిపోయాయి, మిగతావి తెమ్మని కోడలిని పంపారు. ఆ రోజు ఫార్మసిస్టు కౌంటర్‌లో ఉన్నాడు. ఖాళీ స్ట్రిప్పులు మూడు చూడగానే అర్థమైపోయింది. మాత్రలు ఆపించి, ఆ స్ట్రిప్పులూ చీటీతో సహా వెంటనే పెద్దాసుపత్రికి పంపాడు. రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయాయి. దీనికి విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇస్తారు. ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ మాత్ర ఆ పని చెయ్యదు. ఆవిడ బతికింది, కానీ చాలా రోజులు ఆసుపత్రిలోనే ఉంది.

అంకెనే చూడండి. పన్నెండు ఉండాల్సిన చోట తొంభై. ఈ మందు బిల్లులో ముప్పై మాత్రలు కనబడ్డా చాలు, అక్కడే చెయ్యి ఆగిపోవాలి. సరిచూసే మనిషి ఒక్కడుంటే మూడు స్ట్రిప్పులు కౌంటర్ దాటవు.

రమణ, బొబ్బిలి (11:31)
పర్యవేక్షణ అన్నారు. సరే, ఒప్పుకుంటున్నా. అయితే షాపులో కెమెరా పెట్టి ఫోన్లో చూస్తే అదీ పర్యవేక్షణే కదా? ఇప్పుడందరూ అలాగే చేస్తున్నారు.

సూర్యనారాయణ, శ్రీకాకుళం (11:36)
స్వయంగా అని రూల్లోనే ఉంది బాబూ. స్ట్రిప్పు వెనక మిల్లీగ్రాములు కెమెరాలో చదవగలవా?

హేమలత, సోంపేట (11:40)
మా వైపు ఇంతకంటే పెద్ద సమస్య ఉంది. ఉద్దానం సంగతి మీకందరికీ తెలుసు. మా నాన్నకి కిడ్నీ జబ్బు, బీపీ మాత్రలు వేసుకుంటారు. కొబ్బరితోటలో పని చేసొచ్చి నడుం నొప్పంటే పక్క షాపులో కుర్రాడు డైక్లోఫెనాక్ ఇచ్చేస్తాడు. చీటీ అడగడు, ఏ జబ్బుందో అడగడు. ఈ కుర్రాళ్లని షాపుల్లో పెట్టకూడదు. మీరు వాళ్లకి పనులు పంచుతున్నారా?

సత్యవతి (11:44)
హేమలత గారూ, నేను అడిగింది అది కాదండీ. చీటీ మందు గురించి.

సూర్యనారాయణ, శ్రీకాకుళం (11:53)
వేరు ప్రశ్నే, కానీ సత్యవతి గారూ, ఆవిడ మాట కూడా మీ కాగితంలో ఉండాలి. డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా ఎవరూ ఇవ్వకూడదు, మీరు కూడా. హేమలత గారూ, నాన్నగారు వేసుకునే బీపీ మాత్ర టెల్మిసార్టాన్ లాంటిదైతే, దానితోపాటు ఒంట్లో నీరు తీసే మాత్ర కూడా ఉంటే, వాటి మీద ఈ నొప్పి మాత్ర పడితే కిడ్నీకి రక్తం అందడం తగ్గిపోతుంది. నొప్పికి ఏం వాడాలో ఆయన్ని చూస్తున్న డాక్టర్నే అడగండి.

షాపులో అబ్బాయికి ఒక్క మాట నేర్పితే చాలు. ఎవరైనా జబ్బు పేరు చెప్పి మందడిగితే "మేడమ్ గారు చెబుతారు" అనాలి. మందు పేరు చెప్పి దూది, ఓఆర్ఎస్ లాంటివి అడిగితే అతనే అమ్ముకోవచ్చు.

కృష్ణమూర్తి, చీపురుపల్లి (రాత్రి 12:02)
"చెబుతారు" అన్నారు చూశారా. కాంపౌండర్ చేసిన పని అదే. ఆ మాట పోగొట్టుకున్నాం.

సత్యవతి (12:09)
కొంచెం దారి దొరికింది. ఇంకో రెండు అడుగుతాను. హెచ్1 రిజిస్టర్ అతనితో రాయించొచ్చా? రెండోది, చీటీలో ఉన్న కంపెనీ మందు మా దగ్గర లేకపోతే అదే మందు వేరే కంపెనీది తియ్యమని అతనికి చెప్పొచ్చా?

సూర్యనారాయణ, శ్రీకాకుళం (12:20)
రాయడం అతను రాయొచ్చు. డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారు అన్నవి. ట్రమడాల్, ఆల్‌ప్రజోలం, సెఫిక్సిమ్ లాంటివి బిల్లు కొట్టిన వెంటనే అప్పుడే రాయించండి. రాత్రి షాపు మూసేటప్పుడు గుర్తు తెచ్చుకుని రాసే రిజిస్టర్ ఎందుకూ పనికిరాదు. మూడేళ్లు దాచాలి. రోజు చివర చీటీలతో సరిచూడడం మాత్రం మీ పని.

వేరే కంపెనీది మాత్రం అతనే కాదు, మీరూ మార్చకూడదు. షెడ్యూల్ హెచ్ మందు చీటీలో రాసినదానికి బదులు ఇంకొకటి ఇవ్వొద్దని 65వ రూల్లోనే ఉంది. డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. ఆ ఫోన్ కూడా మీరే చెయ్యాలి.

రమణ, బొబ్బిలి (12:24)
మాటలు చెప్పడం తేలికండీ. సాయంత్రం ఓపీ వదిలాక కౌంటర్ దగ్గర ఇరవై మంది నిలబడతారు. నాలుగు పనుల్లో మూడు ఫార్మసిస్టే చెయ్యాలంటే అవుతుందా? పాత రోగి, ప్రతి నెలా తీసుకునే షుగర్ మాత్ర, అది కూడా చూడాలా?

సూర్యనారాయణ, శ్రీకాకుళం (12:33)
పాత రోగిదే ఎక్కువ చూడాలి. డాక్టర్ పోయిన వారం డోసు మార్చి ఉంటాడు, మనం పోయిన నెల బిల్లు చూసి ఇచ్చేస్తాం. చూడడానికి నిమిషం పట్టదు. అబ్బాయి ట్రేలో పెట్టి మందు పేరు, మిల్లీగ్రాములు, ఎక్స్‌పైరీ పైకి చదవాలి, మీరు చీటీ మీద చూస్తూ వినాలి. అతను చీటీ చూసి చదివితే లాభం లేదు, స్ట్రిప్పు చూసే చదవాలి. మెట్‌ఫార్మిన్ అడిగిన చోట మెట్రోనిడజోల్ వచ్చిందంటే అప్పుడే వినబడుతుంది. వారానికొకసారి వేసుకునే మందు మీద మాత్రం మీ చేత్తో "ఆదివారం మాత్రమే" అని పూర్తిగా రాయండి. "ఎప్పుడు వేసుకుంటావమ్మా?" అని అడిగి వాళ్ల నోటితో చెప్పించుకోండి. తలూపితే ఒప్పుకోకండి.

సత్యవతి (12:41)
రాశాను. చదవడం మీద, సరిచూడడం మీద, చెప్పడం మీద నా పేరు. తియ్యడం, పైకి చదవడం, బిల్లు, రిజిస్టర్ రాయడం, ఫ్రిజ్ వేడి రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉందో లేదో పొద్దునా సాయంత్రం రాయడం అతనికి.

ఇంకొక్కటి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి వరకు నేను ఇంటికి వెళ్తాను, పాప స్కూలు నుంచి వస్తుంది. ఆ టైములో షాపు అతనే చూసుకుంటాడు. అప్పుడు వచ్చే చీటీల సంగతేమిటి?

రమణ, బొబ్బిలి (12:43)
ఇది మొదటే చెప్పాలి కదండీ!

సూర్యనారాయణ, శ్రీకాకుళం (12:50)
అమ్మా, అసలు ప్రశ్న ఇదే. మీరు లేనప్పుడు పర్యవేక్షణ లేదు, పర్యవేక్షణ లేకపోతే అతను చీటీ మందు ఇవ్వకూడదు. చీటీ తీసుకుని, ఫోన్ నంబరు రాసుకుని, మూడింటికి రమ్మనాలి. అత్యవసరమైతే వేరే షాపుకి పంపాలి.

సత్యవతి (12:55)
మధ్యాహ్నం వచ్చేవాళ్లలో సగం మంది ఊళ్ల నుంచి బస్సులో వచ్చేవాళ్లండీ, మూడింటి దాకా ఆగరు. షాపు మూసేద్దామంటే మా ఆయన ఒప్పుకోరు. రేపు మాట్లాడి చూస్తాను. థాంక్స్ అందరికీ.

హేమలత, సోంపేట (ఉదయం 6:10)
సూర్యనారాయణ గారూ, నాన్న మాత్రల డబ్బా చూశాను. టెల్మిసార్టాన్ అనే ఉంది, పక్కనే హెచ్ అని ఇంకో అక్షరం కూడా ఉంది. అది నీరు తీసే మాత్రేనా?