ఇంటర్వ్యూ షూట్‌కు చెక్‌లిస్ట్ ఎలా రాసుకుంటున్నారు?

అందరికీ నమస్కారం. మాది ఇద్దరి టీమ్, ఎక్కువగా ఇంటర్వ్యూ వీడియోలు తీస్తాం. ప్రతి షూట్‌కీ పనికొచ్చే ఒక చెక్‌లిస్ట్ రాస్తున్నాను, రెండు చోట్ల ఆగిపోయాను.

మొదటిది బ్యాటరీలు. మా కెమెరాలో ఒక్కోటి గంటన్నర వస్తుంది. నాలుగు గంటల షూట్‌కి మూడు, పైన ఒకటి స్పేర్. ఛార్జర్‌లో ఒకసారికి రెండే పడతాయి, నిండడానికి రెండున్నర గంటలు. అంటే నాలుగూ నిండాలంటే ఐదు గంటలు, కాబట్టి "ఛార్జింగ్" అనే లైను ముందురోజు సాయంత్రానికే వెళ్లాలి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ పాత బ్యాటరీ ఒకటి వంద శాతం చూపిస్తూనే అరగంటకే పడిపోతోంది. నంబర్లు అంటించి, ఒక్కోటి ఎంతసేపు రికార్డింగ్ ఇస్తుందో నెలకోసారి రాసిపెడదామనుకుంటున్నాను. ఇంతకంటే తేలిక మార్గం ఉందా?

రెండోది షాట్ లిస్ట్, అసలు తలనొప్పి ఇదే. మాట్లాడే మనిషి షాట్ ఎవరూ మర్చిపోరు. చేతులు, గది వైడ్ షాట్, ముప్పై సెకన్ల రూమ్ టోన్ లాంటివే మిగిలిపోతాయి. ఎడిటింగ్‌లో ఒక వాక్యం కత్తిరిస్తే ఆ అతుకు కప్పడానికి ఏమీ ఉండదు, మళ్లీ షూట్‌కి వెళ్లాల్సిందే. మీరు లిస్టును కథ వరుసలో రాస్తారా, లెన్స్ మార్చే వరుసలోనా? లైట్లు విప్పకముందే టిక్కులు ఎవరు చూస్తారు, కెమెరా పట్టినవాళ్లా, రెండోవాళ్లా?